రాజోలు పెద్దాయనకు మతి పోయిందా?

వృద్ధుల వైద్యం, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ అనగానే మన వైద్య విద్యార్థుల పరీక్షల్లో మూడు ప్రశ్నలు తరచూ ఎదురవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నొప్పి నిచ్చెనను వివరించుము. డెలీరియానికి, డిమెన్షియాకు తేడాలు పట్టికగా రాయుము. మరణానికి చేరువలో ఉన్న రోగి కుటుంబంతో ఎట్లు మాట్లాడవలెను? పిల్లలు మూడింటికీ బాగానే రాస్తారు. నొప్పిని బట్టి మందు బలం పెంచే ఆ నిచ్చెనకు మూడు మెట్లు గీస్తారు, పట్టికకు రెండు గడులు కొడతారు, కుటుంబంతో మాట్లాడటానికి ఆరు అంచెల పద్ధతి ఒకటి అప్పజెప్పేస్తారు. మార్కులు వేయకుండా ఉండలేము.

నా గొడవల్లా వీటిని విడివిడిగా అడగడం మీదే. విడివిడిగా అడుగుతున్నాం కాబట్టి విడివిడిగానే చదువుతున్నారు. కోనసీమ నుంచి మా వార్డుకు వచ్చే ముసలి రోగి విషయంలో ఈ మూడూ ఒకే రాత్రి ఒకే మంచం మీద ఉంటాయి. నిచ్చెన మీద మెట్టు తప్పడం వల్ల డెలీరియం, అంటే హఠాత్తుగా కమ్ముకునే మతి గందరగోళం, వస్తుంది. అది డెలీరియమే అని తేల్చే మాట కుటుంబం నోట్లో ఉంటుంది. సరిదిద్దాక మళ్లీ మందు మొదలుపెట్టాలంటే అదే కుటుంబాన్ని ఒప్పించాలి. ఒక కేసు తీసుకుని చూపిస్తాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. పాఠం చెప్పడానికి చాలామంది వివరాలు కలిపి, మార్చి కట్టినది.

రాజోలు దగ్గర కొబ్బరి తోటల మధ్య ఉండే పెద్దాయన. వయసు 76, బరువు 48 కిలోలు. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుపూసలకూ తుంటి ఎముకకూ పాకింది. నడుము నొప్పికి మొదట పారాసెటమాల్, తర్వాత ట్రమడాల్ 50 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు ఇచ్చారు. అది చాలక 100 చొప్పున మూడుసార్లకు పెంచారు. రాత్రి నిద్రకు, నరాల నొప్పికి కలిసి వస్తుందని అమిట్రిప్టిలిన్ 25 జోడించారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ గారు మధ్యమధ్యలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేశారు. విరేచనానికి మందు ఎవరూ రాయలేదు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి.

మోతాదు పెంచిన వారానికి పెద్దాయన రాత్రిపూట లేచి కూర్చుని, కాలువ గట్టు తెగింది, నీళ్లు వాకిట్లోకి వచ్చేస్తున్నాయి, ధాన్యం ఎత్తండి అని కేకలు వేయడం మొదలుపెట్టారు. తుపాన్లు చూసిన మనిషి కనుక ఇంట్లోవాళ్లకు అది మరీ వింతగా తోచలేదు. పగలంతా మగత. దుప్పటి అంచులు పీకుతూ ఉంటారు. మూడో రాత్రి ఆర్‌ఎంపీ గారు డయాజిపామ్ ఇంజెక్షన్ వేశారు, నీరసానికి గ్లూకోజు సీసా ఎక్కించారు. తెల్లారేసరికి పిలిస్తే పలకడం తగ్గింది. అప్పుడు కారులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కేసు షీటు మీద హౌస్ సర్జన్ రాసిన మాట: ‘ముదిమి వల్ల డిమెన్షియా, క్యాన్సర్ చివరి దశ.’

పట్టిక కంఠతా వచ్చిన పిల్లవాడే ఆ మాట రాశాడు. డెలీరియం హఠాత్తుగా వస్తుందని, డిమెన్షియా నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుందని అతడికి తెలుసు. అయితే ఆ గడి నింపాలంటే వారం కిందట ఈ మనిషి ఎలా ఉన్నాడో తెలియాలి. అది రక్తపరీక్షలో రాదు, స్కానింగులో కనిపించదు. మంచం పక్కన నిలబడిన మామ్మగారిని అడగాలి.

అడిగే తీరులోనే సగం ఉంది. “ఈయనకు మతిమరుపు ఉందా అమ్మా?” అంటే, డెబ్బై దాటిన ఏ మనిషి గురించి అయినా ఇంట్లోవాళ్లు “ఉందండి” అనే అంటారు. దానితో డిమెన్షియా ఖరారైపోతుంది. నేను అడగమనేది వేరు: “ఇదివరకటి కంటే ఈ మధ్య తేడాగా ఉన్నారా? ఎప్పటి నుంచి?” మామ్మగారు చెప్పిన జవాబు ఇది: “మొన్న దింపుకు కూలీలకు లెక్క కట్టి డబ్బులిచ్చింది ఈయనే కదండీ. అబ్బాయి రెండు వందలు తప్పు లెక్కేస్తే సరిదిద్దారు. అది జరిగి పదిరోజులు కూడా కాలేదు.” పదిరోజుల కిందట కొబ్బరి దింపు లెక్కలో రెండు వందల తేడా పట్టుకున్న మనిషికి ఈ రోజు డిమెన్షియా అని రాయడం కుదరదు. పట్టికలోని మొదటి వరుస ఆ ఒక్క జవాబుతో తేలిపోయింది.

రెండో వరుస ఏకాగ్రత. దీనికి పరికరం అక్కర్లేదు. వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనాలి. చదువు లేనివాళ్లు కూడా చెప్పగలరు కాబట్టి నెలల కంటే వారాలే మనకు నయం. పెద్దాయన “ఆదివారం, శనివారం” అన్నారు, ఆగారు, పైకప్పు వైపు చూశారు, మళ్లీ “సోమవారం” అన్నారు, ఆపై ప్రశ్నే మరిచిపోయి కళ్లు మూసుకున్నారు. డిమెన్షియా తొలి, నడిమి దశల్లో ఉన్నవారు పొద్దున ఏమి తిన్నారో మరిచిపోవచ్చు. మనతో మాట్లాడుతున్నంతసేపు మన మీద దృష్టి నిలుపుతారు, మెలకువగా ఉంటారు. దృష్టి జారిపోవడం, మెలకువ తగ్గడం, గంటగంటకూ మారడం డెలీరియం లక్షణాలు. షరోన్ ఇనూయే బృందం 1990లో ప్రచురించిన పరీక్షా పద్ధతి కూడా వీటి మీదే నిలబడింది: హఠాత్తుగా మొదలై హెచ్చుతగ్గులతో సాగడం, ఏకాగ్రత చెదరడం, వీటికి తోడు పొంతన లేని ఆలోచనగానీ మెలకువలో మార్పుగానీ.

పట్టిక చెప్పని సంగతులు రెండు ఉన్నాయి. డెలీరియం అంటే కేకలు వేసేదే అనుకుంటారు. పాలియేటివ్ రోగుల్లో ఎక్కువగా ఉండేది నోరు మెదపకుండా పడుకునే రకం. గొడవ చేయరు కాబట్టి ఎవరూ పిలవరు, ‘నీరసం’ అనో ‘దిగులు’ అనో రాసి వెళ్లిపోతారు. మన పెద్దాయన రాత్రి ఒక రకం, పగలు మరో రకం. రెండోది, పట్టికలో మధ్య గీత ఉన్నంత మాత్రాన రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండవని కాదు. డిమెన్షియా ఉన్నవారికే డెలీరియం మరీ సులువుగా వస్తుంది. అందుకే ‘ఏది?’ అన్న ప్రశ్న కంటే ‘ఈ వారం కొత్తగా ఏమి చేరింది?’ అన్న ప్రశ్న పనికొస్తుంది.

కొత్తగా ఏమి చేరిందో వెతకడం చేతితోనే మొదలుపెట్టాలి. పెద్దాయన పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. కాథెటర్ వేస్తే 900 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది. చుక్కలు చుక్కలుగా పోస్తూనే ఉన్నారు కాబట్టి మూత్రం ఆగిందని ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. మలద్వారంలో వేలు పెట్టి చూస్తే గట్టి మలం. ఆరు రోజులుగా విరేచనం లేదని అప్పుడు కోడలు చెప్పింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుకు పాకిన మనిషికి మూత్రం, మలం రెండూ ఆగితే మందుల మీదకు నెట్టేసి ఊరుకోకూడదు. వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని ముందు చూడాలి. కాళ్లు ఎత్తగలుగుతున్నారా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలుస్తోందా, అక్కడి కండరం వేలిని బిగిస్తోందా అని పరీక్షించి, అనుమానం ఉంటే ఆ పూటే డెక్సామెథసోన్ ఇచ్చి ఎంఆర్ఐకి పంపాలి. ఆలస్యమైతే కాళ్లు తిరిగి రావు. పెద్దాయనకు కాళ్లలో బలం ఉంది, స్పర్శ ఉంది, ఎంఆర్ఐలో కూడా నొక్కుడు కనిపించలేదు. అప్పుడే మందుల వైపు తిరిగాం.

మందుల చీటీని ఒకసారి డెలీరియం కళ్లతో చదవండి. అమిట్రిప్టిలిన్ మూత్రాశయం ముడుచుకునే బలాన్ని తగ్గిస్తుంది, పేగును నెమ్మదింపజేస్తుంది, ముసలి మెదడును నేరుగా కూడా కలవరపెడుతుంది. పెరిగిన ప్రోస్టేట్ ఉన్న మగవాడికి అది మొదటి నుంచీ తగనిదే. ట్రమడాల్ కూడా మలబద్ధకం తెస్తుంది. దానికి మార్ఫిన్ తరహా ఓపియాయిడ్ గుణమే కాక మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే గుణం కూడా ఉంది. ఆ రెండో గుణం వల్ల సోడియం పడిపోవచ్చు, మూర్ఛ రావచ్చు, డెలీరియం రావచ్చు. ఇలాంటిదే మరో మందు పక్కన ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. డైక్లోఫెనాక్ మూత్రపిండాల మీద పడింది. డయాజిపామ్ మగత పెంచింది. ఇక గ్లూకోజు సీసా సంగతి. ఊళ్లో అది బలమని నమ్మకం. సోడియం తగ్గిన మనిషికి మాత్రం అందులోని చక్కెర ఒంట్లో ఖర్చయిపోయాక మిగిలేది ఒట్టి నీరే, ఉన్న సోడియాన్ని మరింత పలుచన చేస్తుంది. పెద్దాయన సోడియం 124 ఉంది. మామూలుగా 135కు తగ్గకూడదు.

మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చింది. హౌస్ సర్జన్ దాన్ని ‘కొంచెం ఎక్కువ’ అన్నాడు. లెక్క కట్టించాను. 140లోంచి వయసు 76 తీసేస్తే 64. దాన్ని బరువు 48తో గుణించి, 72ను 1.6తో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే సుమారు 27. అంటే నిమిషానికి 27 మిల్లీలీటర్ల పనే మూత్రపిండాలు చేస్తున్నాయి. కండ కరిగిపోయిన ముసలి శరీరంలో క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది కనుక 1.6 అన్న అంకె చూసి మోసపోతాం. తర్వాత ఏ మోతాదు ఇవ్వాలన్నా ఈ 27 మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు నిచ్చెన దగ్గరకు వద్దాం. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రకటించినప్పుడు అది గొప్ప పనే చేసింది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇవ్వవచ్చని, నోటి ద్వారా ఇవ్వవచ్చని, నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి ఇవ్వాలని ప్రపంచమంతటికీ చెప్పింది. కానీ మన విద్యార్థి మనసులో అది ఒక్కో మెట్టూ తప్పక ఎక్కాల్సిన మెట్ల వరుసగా నాటుకుంది. మొదటి మెట్టు చాలకపోతే రెండో మెట్టు, అక్కడ మోతాదు చివరంటా పెంచి చూసి, అదీ విఫలమైతేనే మూడోది. పైగా ట్రమడాల్ లాంటి రెండో మెట్టు మందును ‘బలహీనమైన ఓపియాయిడ్’ అంటారు కాబట్టి, ముసలివాళ్లకు అదే సురక్షితమన్న భ్రమ కూడా దానితో పాటే వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018 మార్గదర్శకాల్లో ‘నిచ్చెన ప్రకారం’ అన్న మాటను ముఖ్య సూత్రాల్లోంచి తప్పించి, ఆ బొమ్మను సాధారణ సూచనగా అనుబంధంలోకి పంపింది. అంతకు ముందే, 2016లో, ఇటలీ పరిశోధకులు ఓ మోస్తరు క్యాన్సర్ నొప్పి ఉన్న 240 మందిలో కొందరికి రెండో మెట్టు మందులు, మిగతావారికి తక్కువ మోతాదు మార్ఫిన్ ఇచ్చి పోల్చారు. మార్ఫిన్ తీసుకున్నవారిలో ఎక్కువ మందికి నొప్పి తగ్గింది, తేడా మొదటి వారంలోనే కనిపించింది, దుష్ఫలితాలు ఎక్కువ కాలేదు. వృద్ధుల విషయంలో నా అభిప్రాయం ఇంకాస్త ముందుకు వెళ్తుంది. మూత్రపిండాలు, సోడియం, మెదడు మూడూ అంచున ఉన్న మనిషికి ట్రమడాల్‌ను చివరంటా పెంచడం కంటే కొద్దిపాటి మార్ఫిన్ మేలు. 75 దాటినవారికి ట్రమడాల్ రోజుకు 300 మించకూడదంటారు. మన పెద్దాయన సరిగ్గా ఆ గీత మీదే ఉన్నారు.

ట్రమడాల్‌కు మనం ఇంతగా అలవాటు పడటానికి కారణం వైద్యం కాదు, చట్టం. మార్ఫిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఉంది. దానికి రకరకాల లైసెన్సులు కావాలి కాబట్టి ఆసుపత్రులు జోలికే పోలేదు. 2014 సవరణతో గుర్తింపు పొందిన వైద్య సంస్థ అన్న ఒకే పద్ధతి వచ్చింది. అయినా డెల్టాలో చాలా చోట్ల క్యాన్సర్ రోగి మార్ఫిన్ మాత్ర కోసం పెద్ద ఊరు వెళ్లాల్సిందే. ట్రమడాల్ మాత్రం 2018 వరకు ఆ చట్టం పరిధిలోనే లేదు. చేతికి అందిన మందు మంచి మందుగా పేరు తెచ్చుకుంది.

పెద్దాయనకు చేసిన మార్పులు ఇవి. ట్రమడాల్, అమిట్రిప్టిలిన్, డైక్లోఫెనాక్, డయాజిపామ్ ఆపేశాం. కాథెటర్ ఉంచాం, ఎనీమా ఇచ్చాం, గ్లూకోజు సీసా మళ్లీ ఎక్కించలేదు. సోడియం రోజుకు 8 కంటే ఎక్కువ పెరగకుండా కాపలా కాశాం, ఎందుకంటే త్వరగా పెంచితే మెదడులో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. పారాసెటమాల్ 500 రోజుకు నాలుగుసార్లు రాశాం. మార్ఫిన్ 2.5 మిల్లీగ్రాములతో, ఆరు గంటలకు ఒకసారి మొదలుపెట్టాం. పరీక్షలో నాలుగు గంటలకోసారి అని రాస్తారు. ఇక్కడ ఆరెందుకు? మార్ఫిన్ కాలేయంలో మారగా వచ్చిన పదార్థాలు మూత్రం ద్వారా పోవాలి, అవి పోయే దారి 27కు పడిపోయింది. లెక్క ప్రకారం ట్రమడాల్ 300 సుమారు 30 మార్ఫిన్‌కు సమానం కదా, 10తో ఎలా సరిపెట్టారని ఒక పీజీ విద్యార్థి అడిగింది. మంచి ప్రశ్న. మూత్రపిండాలు ఒక కారణం. ఆయన మూలుగులో చాలా భాగం ఉబ్బిన మూత్రాశయానిదే అన్నది రెండో కారణం. కాథెటర్ వేసిన గంటలో మూలుగు సగమైంది.

మందు ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? ముందు మగత వస్తుంది, చేతులూ కాళ్లూ ఉలిక్కిపడినట్లు అదురుతాయి, కనుపాప సన్నబడుతుంది. శ్వాస నెమ్మదించడం ఆ తర్వాతి సంగతి. కాబట్టి మగతను రోజూ రాసుకుంటే శ్వాస దాకా రానివ్వం. మరో వైపు, భయపడి నొప్పికి మందు ఇవ్వకపోయినా డెలీరియం వస్తుంది. తుంటి ఎముక విరిగిన వృద్ధుల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2003లో వెలువడింది. అంతకు ముందు తెలివి బాగున్నవారిలో నొప్పి సరిగా తగ్గనివారికి డెలీరియం ముప్పు తొమ్మిది రెట్లు కనిపించింది. మార్ఫిన్ మరీ తక్కువ ఇచ్చినవారికే ముప్పు ఎక్కువైంది. డెలీరియం చూడగానే మార్ఫిన్ మొత్తం ఆపేసే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

రాత్రి కేకలకు హాలోపెరిడాల్ వేయమని నర్సులు అడిగారు. వద్దన్నాను. పాలియేటివ్ రోగుల్లో తేలికపాటి, ఓ మోస్తరు డెలీరియానికి ఆ మందునూ రిస్పెరిడోన్‌నూ ఉత్తుత్తి మందుతో పోల్చి ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష 2017లో వెలువడింది. మందు తీసుకున్నవారి లక్షణాలే ఎక్కువగా ఉన్నాయి. తనకు తానో ఇతరులకో హాని చేసుకునేంత ఆందోళన ఉంటే అర మిల్లీగ్రాము ఆలోచిస్తాను, అంతే. దానికి బదులు ఆయన కళ్లద్దాలు ఇంటి నుంచి తెప్పించాం, రాత్రి చిన్న దీపం ఉంచాం, మామ్మగారిని పక్కనే కూర్చోనిచ్చాం, చేతులు మంచానికి కట్టనివ్వలేదు. మూడో రోజుకు సోడియం 131, క్రియాటినిన్ 1.1. వారాలు వెనక్కి చెప్పమంటే ఆదివారం నుంచి సోమవారం దాకా చెప్పి, “ఏమయ్యా, నాకు పరీక్షా?” అన్నారు. అందరికీ ఇంత త్వరగా తగ్గదు. కారణం తీసేసినా వారాలు పట్టేవారు ఉన్నారు, పూర్తిగా తిరిగిరానివారూ ఉన్నారు. మార్ఫిన్‌ను మెల్లగా 5 చొప్పున నాలుగు గంటలకోసారికి తెచ్చాం. దానితో పాటే రోజూ విరేచనం మందు. మార్ఫిన్ తెచ్చే వికారం కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, మలబద్ధకం ఎన్నటికీ సర్దుకోదు. తుంటి నొప్పికి ఒకే విడత రేడియోథెరపీ, 8 గ్రే, ఇప్పించాం.

మూడో ప్రశ్న ఇప్పటికే మొదలైపోయిందని గమనించారా? దింపు లెక్క చెప్పిన మామ్మగారితో మాట్లాడింది ఆ ప్రశ్నలో భాగమే. పరీక్షలో మాత్రం కుటుంబంతో మాట్లాడటమంటే చెడు వార్త చెప్పడమే. అందుకే విద్యార్థి నోరు తెరిచి మొదలుపెడతాడు. ముందు చెవి తెరవాలి.

మార్ఫిన్ మొదలుపెట్టే ముందు పెద్దబ్బాయి వరండాలోకి పిలిచాడు. “డాక్టరు గారూ, అది ఇస్తే ఇక మనిషి లేవడంటారు. ఒక మందుతో ఒకసారి మతి పోయింది. ఇంకా బలమైనది ఇస్తామంటున్నారు.” ఇది మొండితనం కాదు, న్యాయమైన ప్రశ్న. వారం కిందట నొప్పి మందే వాళ్ల నాన్నను మార్చేసింది. “ఏమీ కాదండి” అనడం ఇక్కడ అబద్ధం. నేను చెప్పింది ఇది: “బాబూ, పోయినసారి గందరగోళం మందుల వల్లే వచ్చింది, మీరు చెప్పింది నిజం. మూత్రం ఆగింది, విరేచనం ఆగింది, ఉప్పు తగ్గింది. ఇప్పుడు అవన్నీ చూసుకుంటూ పావు ముక్కతో మొదలుపెడతాం. పిలిస్తే కళ్లు తెరిచి మాట్లాడుతున్నంతవరకు మందు ఇవ్వండి. తట్టి లేపినా లేవకపోతే తర్వాతి మాత్ర వేయకుండా నాకు ఫోను చేయండి.” నమ్మకం కంటే ముందు వాళ్లకు చేతిలో ఒక కొలత కావాలి. ఈ మాట మొదటి మాత్రకు ముందే ఎందుకు చెప్పాలంటే, ఇంటి దగ్గర మాత్ర వేసేది మామ్మగారు. రెండు నెలల తర్వాత ఆయన పోతే, ఆ పూట వేసిన మాత్రే చంపిందని ఎవరో ఒకరు అంటారు. ఆ అనుమానం ఆవిడ బతికినంత కాలం ఆవిడతో ఉంటుంది.

తర్వాత అబ్బాయి అసలు విషయానికి వచ్చాడు. “నాన్నగారికి క్యాన్సరని చెప్పకండి. తట్టుకోలేరు.” పుస్తకం చదివిన విద్యార్థి ఇక్కడ రోగి హక్కుల గురించి ఉపన్యాసం ఇస్తాడు, తలుపు మూసుకుపోతుంది. నేను అడిగేది, “ఆయన మిమ్మల్ని ఏమైనా అడిగారా?” అని. చాలా ఇళ్లలో అడిగి ఉంటారు. ఇక్కడా అడిగారు: “తోట మీద అప్పు తీర్చేద్దామా” అని రెండుసార్లు. తెలియని మనిషి అలా అడగడు. “నేను నా అంతట నేనుగా చెప్పను. ఆయనే అడిగితే అబద్ధం ఆడను. ముందు ఆయనకు ఎంత తెలుసుకోవాలని ఉందో మీ ఎదుటే అడుగుతాను, సరేనా?” అంటే అబ్బాయి ఒప్పుకున్నాడు. దీనికి ఒక షరతు ఉంది, పరీక్షల్లో ఎవరూ అడగనిది: డెలీరియం తగ్గేదాకా ఈ సంభాషణ పెట్టకూడదు. వారాలు వెనక్కి చెప్పలేని మనిషికి చెప్పిన వార్త భయంగా మాత్రమే మిగులుతుంది. తేరుకున్నాక అడిగితే పెద్దాయన, “ఎముకల్లోకి దిగిందని నాకు తెలుసు. ఎంత కాలమో అబ్బాయికి చెప్పండి, నాకు వద్దు” అన్నారు. అదీ ఒక జవాబే, దాన్ని అలాగే పాటించాలి.

ఎంత కాలం అన్న ప్రశ్నకు మా ప్రాంతంలో ఒక రూపం ఉంది. పెద్దమ్మాయి కువైట్‌లో పని చేస్తోంది. ఫోనులో ఆమె అడిగింది ఒక్కటే: “టికెట్ ఇప్పుడు తీసుకోనా, పండక్కి తీసుకోనా?” సెలవు ఒకసారే దొరుకుతుంది. దీనికి ‘అంతా దేవుడి చేతిలో ఉంది’ అనే డాక్టరు తప్పించుకుంటున్నట్లే. తేదీ చెప్పడం కూడా తప్పే. నేను వాడే కొలత పాతదే: మార్పు నెల నెలకూ కనిపిస్తుంటే నెలలు, వారం వారానికీ కనిపిస్తుంటే వారాలు, రోజు రోజుకూ అయితే రోజులు. “ఇప్పుడు వారం వారానికీ నీరసం పెరుగుతోందమ్మా. పండగ దాకా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మాట్లాడగలిగేటప్పుడు చూడాలనుకుంటే ఇప్పుడే రండి” అన్నాను. వచ్చింది.

కొన్ని వారాలకు మళ్లీ గందరగోళం వచ్చింది. ఈసారి ఆయన లేవడం లేదు, గుటక పడటం లేదు, రోజు రోజుకూ దిగిపోతున్నారు. ఇప్పుడు కారణం వెతకడానికి హద్దు ఉంది. పొత్తికడుపు మీద చెయ్యి వేసి మూత్రం చూస్తాం, మలం చూస్తాం, మార్ఫిన్ ఎక్కువైందేమో చూస్తాం. సోడియం కోసం సూది గుచ్చి కాకినాడ తీసుకెళ్లం. నోటి ద్వారా ఇచ్చే 5 మిల్లీగ్రాములకు బదులు చర్మం కింద 2.5 సరిపోతుంది. సన్నని సీతాకోక సూది ఒకటి ఛాతీ పైభాగాన చర్మం కింద అమర్చితే ఇంట్లోనే ఇవ్వవచ్చు. మూత్రం తగ్గే కొద్దీ మోతాదుల మధ్య ఎడం పెంచాలి. చనిపోయిన తమ్ముడితో మాట్లాడుతున్నారని కోడలు భయపడితే, అది నిజం కాదని ఆయనతో వాదించవద్దని, ఆయన బాధపడుతుంటేనే మందు పెంచుతామని చెప్పాలి. సెలైన్ పెట్టమని అబ్బాయి అడిగితే, అది ఈ దశలో ఆయుష్షు పెంచదనీ, గొంతులో గురగురను, కాళ్ల వాపును పెంచవచ్చనీ చెప్పి, తడి దూదితో పెదవులు తుడవడం చూపించాలి. చేతికి పని ఇస్తే సీసా అడగడం తగ్గుతుంది.

అందుచేత పరీక్షలో నేను పెట్టించాలనుకుంటున్న ప్రశ్న ఇలా ఉంటుంది. 76 ఏళ్ల రైతు, 48 కిలోలు, ఎముకలకు పాకిన క్యాన్సర్, ఇదీ మందుల చీటీ, మూడు రాత్రులుగా గందరగోళం. మొదట భార్యను ఒక ప్రశ్న అడగండి. తర్వాత రోగిని ఒక ప్రశ్న అడగండి. చీటీలో మీరు కొట్టేసేవి ఏమిటి, రాసేవి ఏమిటి? కొడుకు మార్ఫిన్ వద్దంటున్నాడు, మాట్లాడండి. ఇలాంటి ప్రశ్నకు అందరికీ ఒకే తీరుగా మార్కులు వేయడం కష్టమని తోటి పరీక్షకులు అంటారు. కష్టమేమీ కాదు. పొత్తికడుపు మీద చెయ్యి వేశాడా లేదా, ‘ఎప్పటి నుంచి’ అని అడిగాడా లేదా, మోతాదుకు ముందు మూత్రపిండాల లెక్క కట్టాడా లేదా, విరేచనం మందు రాశాడా లేదా, కొడుకు మాట పూర్తయ్యేదాకా ఆగాడా లేదా. ఐదింటికీ అవును, కాదు అన్న జవాబే ఉంటుంది. మార్ఫిన్ రాసి విరేచనం మందు మరిచినవాడికి, నిచ్చెన ఎంత అందంగా గీసినా, ఆ ప్రశ్నలో నేను పాస్ మార్కు వేయను.